బ్రాకెట్‌కు 0.4 నాజిల్ ఎందుకు?

త్రీడీ ప్రింటర్‌తో పాటు బిగించి వచ్చిన, కరిగిన ప్లాస్టిక్‌ను గీతగా వదిలే 0.4 మిల్లీమీటర్ల కన్నమున్న నాజిల్‌ను చాలామంది అరిగిపోయేదాకా విప్పరు. అరిగాక మళ్లీ 0.4దే తెచ్చి బిగిస్తారు. బొమ్మలు చేసుకునేవాళ్లతో నాకు పేచీ లేదు. గోడకు కొట్టే బ్రాకెట్‌ను, మోటారు మౌంట్‌ను కూడా అదే నాజిల్‌తో రాత్రంతా ప్రింట్ చేసేవాళ్లతోనే నా వాదన. అలాంటి వాటికి 0.6 నాజిలే సరైనది.

60 మిల్లీమీటర్ల ఎత్తున్న బ్రాకెట్‌నే తీసుకుందాం. 0.4 నాజిల్‌తో పొర మందం 0.2 పెడితే 300 పొరలు పడతాయి. గోడ ఒకటిం పావు మిల్లీమీటరు దాటాలంటే 0.45 వెడల్పు గీతలు మూడు వరసలు కావాలి. అంటే మొత్తం 900 చుట్లు. 0.6 నాజిల్‌కు పొర 0.3, గీత 0.65 పెట్టండి. 200 పొరలు, రెండే వరసలు, 400 చుట్లు. గోడ మందం దాదాపు అంతే, నాజిల్ తిరిగే దూరం మాత్రం సగానికి తక్కువ.

ఇక్కడ ఒక మెలిక ఉంది. వేగానికి అసలు హద్దు నాజిల్ కన్నం కాదు, సెకనుకు ఎంత ప్లాస్టిక్‌ను కరిగించగలదన్న హాట్‌ఎండ్ శక్తి. అది సెకనుకు 12 ఘన మిల్లీమీటర్లనుకుంటే, 0.4 నాజిల్ దాన్ని పూర్తిగా వాడుకోవడానికి సెకనుకు 130 మిల్లీమీటర్లకు పైగా పరుగెత్తాలి. 0.6కు 60 చాలు. మూలమూలకూ ఆగి తిరగాల్సిన చిన్న బ్రాకెట్‌లో తల 130ని అందుకునేలోపే మళ్లీ బ్రేకు వేయాల్సి వస్తుంది. 60 మాత్రం ఎక్కడైనా అందుతుంది.

బలం సంగతి ఇంకా ఆసక్తికరం. ప్రింట్ చేసిన వస్తువు సాధారణంగా విరిగేది పొరకూ పొరకూ మధ్య అతుకు దగ్గరే. లావు గీత వేడిని ఎక్కువసేపు నిలుపుకుంటుంది కాబట్టి కింది పొరతో బాగా కలుస్తుంది. పైగా అతుకులే తక్కువ. అలాగని పొరను 0.5కు పెంచేస్తే గీత కింది పొర మీద సరిగా నొక్కుకోదు, లాభం పోతుంది. నాజిల్‌లో సగం మందం దగ్గర ఆగడం మేలు. అనుమానముంటే ఒక ముక్కను చేత్తో విరిచి చూడండి. కత్తితో కోసినట్టు చదునుగా ఊడితే అతుకు బలహీనం. గరుకుగా చిరిగి, అంచు తెల్లబడితే పొరలు కలిశాయన్నమాట. ప్రింట్ మధ్యలో ప్లాస్టిక్ తీగను లోపలికి నెట్టే ఎక్స్‌ట్రూడర్ టక్‌టక్‌మంటే హాట్‌ఎండ్ అందించలేకపోతోందని అర్థం. వేడి ఐదో పదో డిగ్రీలు పెంచాలి, లేదంటే మోడల్‌ను పొరలుగా కోసే సాఫ్ట్‌వేర్ అయిన స్లైసర్‌లో ఫ్లో పరిమితిని తగ్గించాలి.

పోయేదేమిటి? బయటి మూలల పదును కొంత పోతుంది. అర మిల్లీమీటరు గీతలతో రాసిన అక్షరాలు స్లైసర్ ప్రివ్యూలోనే మాయమవుతాయి. చిన్న కన్నాలు బిగుసుకుంటాయి, డ్రిల్ బిట్ ఒకసారి తిప్పాల్సిందే. గాల్లోకి వాలే భాగాలకు కింద ఊతంగా వేసే సపోర్టులు మొండిగా అంటుకుంటాయి, ఊలు దారాల్లా ప్లాస్టిక్ పోగులు కూడా కాస్త ఎక్కువే. అయితే ఏటవాలు ఉపరితలం మీద కనిపించే మెట్ల నేరం నాజిల్‌ది కాదు, పొర మందానిది. 0.6 నాజిల్‌తోనూ 0.2 పొర వేసుకోవచ్చు. అప్పుడు గీత వెడల్పుగా, పొర పలచగా ఉంటుంది కాబట్టి గాల్లోకి వాలే భాగాలు నిజానికి మెరుగ్గా వస్తాయి. పైగా 2022లో క్యూరా 5.0, ప్రూసాస్లైసర్ 2.5 అనే స్లైసర్లు అరాక్నే పద్ధతిని తెచ్చాక, సన్నని గోడ దగ్గర గీత వెడల్పును స్లైసరే సర్దుతోంది. పాత భయాల్లో సగానికి అక్కడే కాలం చెల్లింది.

కొత్త యంత్రాలు 0.4తోనే సెకనుకు 300 మిల్లీమీటర్లు లాగేస్తున్నాయి కదా అంటారు. లాగుతాయి, పొడవాటి తిన్నని గీతల్లో తేడా నిజంగానే తగ్గిపోయింది. కానీ అంత పరుగులో ప్లాస్టిక్ లోపలిదాకా వేడెక్కే వ్యవధి తగ్గుతుంది, అతుకు బలమూ తగ్గుతుంది. బరువు మోయాల్సిన వస్తువులో నేను ఆ బేరానికి ఒప్పుకోను.

అసలు చిక్కు నాజిల్‌లో లేదు, ఫైళ్లలో ఉంది. 2015లో వచ్చిన బెంచీ అనే చిన్న పడవ మోడల్‌తో ప్రింటర్లను కొలవడం అలవాటయ్యాక, నునుపే నాణ్యత అయి కూర్చుంది. డిజైన్లు గీసేవాళ్లు కూడా 0.4నే మనసులో పెట్టుకుని ఒక మిల్లీమీటరు గోడలు, సూదిమొన అంచులు, మూలలో చీమంత పార్ట్ నంబరు గీస్తున్నారు. బ్రాకెట్‌కు అవేవీ అక్కర్లేదు. గోడను 1.3 లేదా 1.95గా గీస్తే 0.65 గీతలు సందు లేకుండా కూర్చుంటాయి. లోపలి మూలను గుండ్రం చేస్తే పదును పోయిందన్న బెంగ ఉండదు, పగులు మొదలయ్యే చోటూ తగ్గుతుంది. M8 మరను ప్రింట్ చేయొచ్చు, దాని పిచ్, అంటే మర చుట్ల మధ్య దూరం, 1.25. M3కి పిచ్ 0.5 మాత్రమే, అక్కడ మరను గీయడం మానేసి ఇత్తడి ఇన్‌సర్ట్‌కు కన్నం వదలండి. 0.4 నాజిల్ ఉన్నా నేనదే చేస్తాను.