అప్పులేనివాడే అధిక అనుమానితుడు

అప్పులేనివాడే అధిక సంపన్నుడు అన్నారు పెద్దలు. పాపం, వాళ్లెవరూ బ్యాంకులో లోన్ డెస్క్ ముందు కూర్చుని ఉండరు. జీవితంలో ఎవరికీ పైసా బాకీ పడనివాడు వచ్చి ఎదురుగా కూర్చుంటే, ఆ డెస్క్ వెనకున్న మనిషికి ముచ్చటెయ్యదు, భయమేస్తుంది. రెండు లోన్లు తీసుకుని, మధ్యలో ఒక వాయిదా ఎగ్గొట్టి, తర్వాత ఎలాగో కట్టేసినవాడు తెలిసినవాడి కిందే లెక్క. అసలేమీ తీసుకోనివాడు ఎవరో, ఏమిటో, రేపు ఏం చేస్తాడో!

మా మేనల్లుడు సరిగ్గా ఆ ప్రమాదకరమైన కోవకు చెందినవాడు. ఉద్యోగం ఉంది, నెలనెలా జీతం పడుతుంది, అద్దె ఒకటో తేదీన కట్టేస్తాడు, ఏ వస్తువు కొన్నా డబ్బు చేతిలో పడ్డాకే కొంటాడు. ఇంత దుర్మార్గాన్ని ఏళ్ల తరబడి నడిపి, ఒకరోజు బండి కోసం లోన్ అడిగాడు. మనం చేసిన అప్పులు, వాటిని తీర్చిన తీరు చూపించే సిబిల్ రిపోర్టు తీశారు. అందులోని స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. మావాడి పేరు పక్కన -1 ఉంది. అంటే అతని గురించి లెక్కకట్టడానికి చరిత్రే లేదని అర్థం.

"నేనేం తప్పు చేశాను మావయ్యా?" అన్నాడు.

"ఏమీ చెయ్యలేదురా, అదే తప్పు" అన్నాను.

నిజానికి ఇలాంటి వాళ్ల మీద ప్రభుత్వానికి జాలి లేకపోలేదు. మొదటిసారి అప్పు అడిగేవాళ్లను, క్రెడిట్ చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిరస్కరించవద్దని రిజర్వు బ్యాంకు సూచించినట్టు 2025 ఆగస్టులో పార్లమెంటులో చెప్పారు కూడా. మావాడి బ్యాంకు ఆ మాటను తు.చ. తప్పకుండా పాటించింది. చరిత్ర లేదన్న కారణంతో తిరస్కరించలేదు. 'ఇంటర్నల్ పాలసీ' అన్న కారణంతో తిరస్కరించింది. ఒక్క కారణమంటే ఒక్క కారణమే మరి, రెండోది ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

ఇలాంటి నిరుపేద నిజాయితీపరుల ఉద్ధరణ కోసమే బ్యాంకులు ఒక మహత్తరమైన మార్గం కనిపెట్టాయి. దాని పేరు ఎఫ్‌డీ మీద క్రెడిట్ కార్డు. మావాడు 20,000 రూపాయలు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేశాడు. బ్యాంకు దాని మీద లీన్ పెట్టింది, అంటే కార్డు ఉన్నంతకాలం ఆ డబ్బు కదపడానికి వీల్లేదు. దాని మీద తొంభై శాతం, అంటే 18,000 రూపాయల లిమిట్‌తో కార్డు ఇచ్చింది. ఈ శాతం బ్యాంకును బట్టి మారుతుంది. జీతం స్లిప్పులు అడగలేదు, స్కోరు అడగలేదు. అడగడానికి ఏముంది? మన డబ్బు వాళ్ల దగ్గరే ఉంది. ఆ డబ్బును వాళ్లు మనకే అప్పిస్తారు. మనం దాన్ని వేళకు తిరిగి కడితే, వీడు నమ్మదగినవాడేనని రికార్డుల్లో రాస్తారు. ఇందులో రిస్కు తీసుకున్నది ఎవరో, నమ్మకం నిరూపించుకోవాల్సింది ఎవరో కాసేపు ఆలోచిస్తే తల తిరుగుతుంది కాబట్టి, ఆలోచించకుండా సంతకం పెట్టాలి.

సంతకానికి ముందు మాత్రం రెండు విషయాలు అడగడం మంచిది. ఒకటి, ఈ కార్డు వివరాలు మన అప్పుల చరిత్ర రాసిపెట్టే క్రెడిట్ బ్యూరోలకు వెళతాయా? వెళ్లకపోతే ఈ యజ్ఞం మొత్తం దండగ. రెండు, ఏడాది ఫీజు ఉందా? ఉంటే, వాడకుండా బీరువాలో పెట్టిన కార్డుకు కూడా ఫీజు బిల్లు వస్తుంది, అది కట్టకపోతే మీరు బాకీదారు అవుతారు. మొదటి ప్రశ్నకు కౌంటర్‌లో "ఆ, వెళతాయండీ" అన్న జవాబు వస్తుంది. దాన్ని నమ్మనక్కర్లేదు. దేశంలో క్రెడిట్ బ్యూరోలు నాలుగు: సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఒక్కోదాని దగ్గర ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితం. కార్డు వచ్చిన రెండు మూడు నెలలకు ఒకటి తీసి చూస్తే, అందులో సెక్యూర్డ్ క్రెడిట్ కార్డ్ అన్న ఖాతా కనిపించాలి.

ఇక ఈ కార్డు పట్టుకున్న ప్రతివాడూ నమ్మే ఒక గొప్ప సిద్ధాంతం ఉంది: "మర్చిపోయినా పర్లేదు, ఎఫ్‌డీ ఉందిగా, వాళ్లే తీసుకుంటారు." తీసుకుంటారు, నిజమే. కానీ మీరు గడువు తప్పిన మర్నాడే పరిగెత్తుకొచ్చి తీసుకోరు. ముందు వడ్డీ వేస్తారు, దాని మీద జీఎస్టీ వేస్తారు. గడువు దాటి మూడు రోజులు మించితే, లేట్ ఫీజు వేస్తారు, ఇన్ని రోజులుగా కట్టలేదని బ్యూరోలకు రాస్తారు. ఇదంతా అయ్యాక, బాకీ బాగా ముదిరాక అప్పుడు ఎఫ్‌డీ విరిచి తమ లెక్క సరిచేసుకుంటారు. అప్పటికి బ్యాంకుకు ఒక్క రూపాయి నష్టం ఉండదు. మీ రిపోర్టులో మాత్రం కట్టని నెలలు అలాగే నిలిచిపోతాయి. ఆ డిపాజిట్ కాపాడేది బ్యాంకు డబ్బును, మీ పేరును కాదు. మీ పేరును కాపాడేది సేవింగ్స్ ఖాతా నుంచి మొత్తం బిల్లుకు పెట్టుకునే ఆటో డెబిట్. అందులో కూడా కనీసం కట్టాల్సిన మొత్తాన్ని మాత్రమే తీసుకునే 'మినిమమ్ డ్యూ' అన్న గడిలో టిక్కు పడి ఉందేమో చూసుకోవాలి. కొన్ని చోట్ల అది ముందే పెట్టి ఉంచుతారు, మన మీద అంత ప్రేమ.

ఆ ప్రేమ విలువ ఎంతో లెక్క కడదాం. మావాడు జూన్ 5న 15,000 పెట్టి ఫోన్ కొన్నాడనుకోండి. జూన్ 20న స్టేట్‌మెంట్ వస్తుంది, జూలై 10 గడువు. మినిమమ్ డ్యూ అయిదు శాతం, అంటే 750. "అబ్బ, 750 చాలట!" అని సంతోషంగా అంతే కట్టాడు. ఆ క్షణం నుంచి వడ్డీ లేని కాలం అన్న వరం రద్దయిపోతుంది. వడ్డీ జూలై 10 నుంచి కాదు, కొన్న రోజు నుంచి, అంటే జూన్ 5 నుంచి లెక్కేస్తారు. చాలా కార్డుల్లో మామూలుగా ఉండే నెలకు 3.5 శాతం రేటునే తీసుకుందాం. ఎఫ్‌డీ కార్డులకు కొందరు కాస్త తగ్గిస్తారు. జూలై 20 స్టేట్‌మెంట్ నాటికి వడ్డీ దాదాపు 768, దాని మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ 138. వెరసి 906. 750 కట్టిన తర్వాత మావాడి బాకీ 15,000 నుంచి 15,156కు పెరిగింది. ఇక ఆ నెలలో ఏం కొన్నా, టీ తాగినా, కొన్న రోజు నుంచే వడ్డీ.

ఇదే నలభై అయిదు రోజుల్లో అతని 20,000 ఎఫ్‌డీ, 6.5 శాతం లెక్కన సంపాదించింది 160 రూపాయలు. అంటే బ్యాంకు మావాడి డబ్బుకు మావాడికి 160 ఇచ్చి, మావాడి డబ్బు మావాడికే వాడుకోనిచ్చినందుకు 906 తీసుకుంది. ఆర్థిక శాస్త్రంలో దీన్ని ఏమంటారో గానీ, మా ఊళ్లో దీనికి వాడే మాట ఇక్కడ రాయలేను.

సరే, మావాడు అంత అమాయకుడు కాదు, 15,000 మొత్తం జూలై 10న కట్టేశాడనుకుందాం. వడ్డీ లేదు, ఫీజు లేదు, గర్వంగా ఉంది. అయినా స్కోరుకు చిన్న దెబ్బ తగులుతుంది. ఎందుకంటే బ్యూరోకు వెళ్లే అంకె సాధారణంగా స్టేట్‌మెంట్ నాటి బాకీ. 18,000 లిమిట్‌లో 15,000 అంటే ఎనభై మూడు శాతం వాడేశాడు. చూసేవాళ్లకు వీడు పీకల దాకా అప్పులో ఉన్నట్టు కనిపిస్తాడు. తర్వాత కట్టేశాడన్న సంగతి ఆ రోజు అంకెలో ఉండదు. ముప్పై శాతం లోపు ఉంచుకోమని అందరూ చెబుతుంటారు. అది చట్టమేమీ కాదు గానీ మంచి కొండగుర్తు. మావాడికి ముప్పై శాతమంటే 5,400. వారం కిరాణా, ఒకసారి పెట్రోల్, ఒక ఫోన్ రీఛార్జి, అంతటితో మర్యాదస్తుడి హద్దు దగ్గర పడుతుంది.

దీనికి విరుగుడు తేలికే. బిల్లు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఫోన్ కొన్న రెండు మూడు రోజులకే యాప్‌లో 12,000 కట్టేస్తే, 20వ తేదీ స్టేట్‌మెంట్‌లో 3,000 మాత్రమే కనిపిస్తుంది. అంటే పదిహేడు శాతం. ఆ 3,000 జూలై 10 లోపు కడితే సరిపోతుంది. 2025 జనవరి నుంచి బ్యాంకులు నెలకు ఒకటి కంటే ఎక్కువసార్లు బ్యూరోలకు వివరాలు పంపాలి కాబట్టి, స్టేట్‌మెంట్ తేదీ దాకా కూడా ఆగకుండా పెద్ద ఖర్చును వెంటనే దించుకోవడం మేలు. మొత్తం ముందే కట్టి ప్రతినెలా సున్నా చూపించాలన్న అత్యుత్సాహం మాత్రం అక్కర్లేదు. ఇంత కష్టపడి అప్పు చేసేది అది కనిపించడానికే కదా. ఇక కార్డుతో ఏటీఎంలో డబ్బు తీసే ఆలోచనే వద్దు. దానికి తీసిన రోజు నుంచే వడ్డీ, పైగా ఫీజు.

దాదాపు ఆరు నెలలు ఇలా భక్తిశ్రద్ధలతో తన డబ్బు తనే అప్పు తీసుకుని తీర్చాక, మావాడికి -1 పోయి ఏడువందలు దాటిన స్కోరు వచ్చింది. జీతం అదే, అద్దె అదే, మనిషీ అదే. అయినా ఇప్పుడు రోజూ ఫోన్లు. "సార్, మీకు ప్రీ అప్రూవ్డ్ లోన్ ఉంది." ఎవరూ అడగని రోజుల్లో బండి లోన్ కోసం ఎండలో తిరిగినవాడు, ఇప్పుడు మీటింగులో ఉన్నానని ఫోన్ పెట్టేస్తున్నాడు. వచ్చిన ప్రతిదానికీ సరే అంటే ప్రతి దరఖాస్తూ రిపోర్టులో ఒక ఎంక్వైరీగా నమోదై, తెచ్చుకున్న స్కోరు కాస్తా కిందికి జారుతుందని చెప్పాను. అందుకే ఒకే ఒక్క మామూలు కార్డు తీసుకున్నాడు, డిపాజిట్ లేకుండా.

కొన్నాళ్లు రెండూ నడిపి, ఎఫ్‌డీ డబ్బు అవసరం పడి, పాత కార్డు మూసెయ్యమని రాశాడు. బాకీ మొత్తం కట్టేశాక కార్డు మూయమని అడిగితే, ఏడు పనిదినాల్లో మూయాలి. మూయకపోతే ఆలస్యమైన రోజుకు 500 రూపాయల చొప్పున బ్యాంకే మనకు కట్టాలని రిజర్వు బ్యాంకు 2022లో నిబంధన పెట్టింది. కార్డు మూసినంత మాత్రాన లీన్ దానంతటదే పోయిందని అనుకోకూడదు, అది తీసేశారో లేదో విడిగా అడిగి కాగితం మీద తెచ్చుకోవాలి. మావాడు కార్డు మూయమని రాసి ఏడు పనిదినాలు దాటిపోయాయి, ఇంకా మూయలేదు. ఒక్కసారి ఫోన్ చేసి కదిలించరా అంటే వినడం లేదు. 20,000 మీద రోజుకు 500 ఇచ్చే డిపాజిట్ దేశంలో ఇంకెక్కడైనా ఉంటే చూపించమంటున్నాడు.