ఎమోజీల వర్క్‌షీట్ మీద ఇద్దరు టీచర్ల వాదోపవాదం

"సార్, మేడం, రెండో తరగతి పిల్లలకు హ్యాపీ, శాడ్, యాంగ్రీ అసొంటి ఇంగ్లీష్ మాటలు నేర్పనీకి వర్క్‌షీట్‌ల ఎమోజీలు పెట్టొచ్చా?" (హన్మకొండ దగ్గర కొత్తగ చేరిన టీచర్)

రజిత మేడం: మంచిగ పెట్టమ్మా. రోజు అమ్మ ఫోన్ల వాట్సాప్‌ల చూసేటియే కదా, నోరు తెర్వని పోరడు గూడ బొమ్మ మీద వేలన్న పెడ్తడు, ఆడికెళ్లే మాట మొదలైతది.

సమ్మయ్య సార్: ఫోన్ల చూసుడు వేరు మేడం, జిరాక్స్ కాయితం మీద చూసుడు వేరు. కోపం ముఖాలు రెండుంటయి, ఒకటి పసుపుది ఒకటి ఎర్రది, బ్లాక్ అండ్ వైట్ తీస్తే ఎర్రది మసి పూసినట్టయి కనుబొమ్మలు గూడ కానరావు. ఇగ నిద్రొచ్చే ముఖానికి శానా ఫోన్లల్ల ముక్కు కాడ ఒక బుడగుంటది, జపాన్ బొమ్మల కథలల్ల నిద్రవొయిండని చెప్పనీకి అట్ల గీస్తరు, మన పిల్లలు దాన్ని కన్నీళ్లనుకొని శాడ్ అని రాస్తే తప్పెవలిది?

రజిత మేడం: గట్లయితే గీతలతోటి గీసుకుందాం, నాలుగు ముఖాలు సాలు. నా క్లాసుల నాలుగు ముఖాలకు నాలుగు మాటలు గీత కలపమంటే అందరు కరెక్టే చేసిండ్రు.

సమ్మయ్య సార్: నాకు డౌట్ గక్కడనే. మూడొచ్చినోనికి నాలుగోది మిగిలిపోయి అదే కలుస్తది కదా. నాలుగు ముఖాలకు ఆరు మాటలియ్యుండ్రి, అప్పుడు ఎవరికొచ్చిందో తెలుస్తది. మర్నాడు బొమ్మ లేకుంట సంగతే చెప్పుండ్రి, బతుకమ్మ నాడు కొత్త గౌనేసుకున్నవ్, హౌ డూ యూ ఫీల్? తొవ్వల కుక్క ఎంటవడ్డది, హౌ డూ యూ ఫీల్? దానికి స్కేర్డ్ అనకుంట శాడ్ అన్నడంటే వానికి బొమ్మ గుర్తున్నది గని మాట రాలె.

రజిత మేడం: ఆరు మాటలు నేను గూడ పెడ్త. బొమ్మ మాత్రం తీసెయ్య సార్. నా క్లాసుల ఒక పాప ఉన్నది, ఇంట్ల లంబాడీ మాట్లాడ్తరు, తెలుగే ఇంక సక్కగ వస్తలేదు, ఇంగ్లీష్ మాటెక్కడిది? పొద్దుగాల హాజరప్పుడు ఎట్లున్నవంటే ముఖం బొమ్మ మీద వేలు పెడ్తది, నేను మాట అంట, నా ఎంట అంటది. మీరన్నట్టు సంగతులు చెప్పి అడిగితే ఆ పిల్లకు సంగతే సమజ్‌గాదు.

సమ్మయ్య సార్: ఆ పిల్ల ముచ్చట నిజమే, గామెకు బొమ్మ ఉండాలె. ఆ ముఖమే ఎందుకు పెట్టినవని అడిగినప్పుడు లంబాడీల చెప్పినా వినుండ్రి, అందరి ముంగట మాత్రం అడగకుండ్రి.

రజిత మేడం: రోజు నవ్వు ముఖమే పెడ్తది సార్. నిజంగ సంబురమా, అదొక్కటే తెలుసా, నాకు అర్థమైతలేదు.

సమ్మయ్య సార్: ముఖాల జాగలు మార్చి చూడుండ్రి. మొదటి డబ్బా మీదనే వేలు పెడ్తే ఆమె బొమ్మ చూస్తలేదు, అలవాటుకొద్ది పెడ్తాంది.

రజిత మేడం: మార్చినంక గూడ నవ్వు ముఖమే పెడ్తే?

సమ్మయ్య సార్: అది కాయితం మీద తేలదు మేడం. వాళ్లమ్మ బడికొచ్చిన నాడు అడగాలె.