సందుల దగ్గర విచ్చుకున్న చుక్కలు

దీపావళి సాయంత్రం మన హాల్లో జరిగింది మీలో చాలామంది కళ్లారా చూశారు. లక్ష్మీపూజ అయి, పిల్లల పాటలు మొదలయ్యేసరికి పైన వేలాడదీసిన కాగితపు చుక్కలు ఒక్కొక్కటే విచ్చుకోవడం మొదలుపెట్టాయి. మొత్తం ఇరవై నాలుగు. పాటలయ్యేసరికి తొమ్మిది కిందపడ్డాయి, ఒకటి తిన్నగా ముగ్గు మీదే పడింది. అప్పుడు కమిటీ తరఫున మైకులో ఒక మాట వినిపించింది: "వచ్చే ఏడు నుంచి రెడీమేడ్ డెకరేషన్ ఆర్డర్ పెట్టేద్దాం, ఈ టెన్షన్ వద్దు." అందరూ చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఎనిమిదేళ్ల పాప తన చుక్కను ఒళ్లో పెట్టుకుని, విడిపోయిన అంచులను రెండు చేతులతో నొక్కి పట్టుకుని కూర్చుంది. వదిలేస్తే మళ్లీ తెరుచుకుంటోంది.

ఆ చుక్కలు చేయడం పిల్లలకు నేర్పింది నేనే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మేం చేసిన పద్ధతి మీకు తెలిసిందే. చదరపు చార్టును పది పొరలుగా మడిచి ఏటవాలుగా ఒక్క కత్తిరింపు కత్తిరిస్తే ఐదు ముక్కుల చుక్క వస్తుంది. ముక్కుల మీది గీతలను పైకీ, ముక్కుకూ ముక్కుకూ మధ్య సందుల్లోని గీతలను లోపలికీ మడిస్తే మధ్యభాగం గోపురంలా ఉబ్బుతుంది. అలాంటివి రెండు చేసి వీపులు కలిపి అంటిస్తే బోలు చుక్క. పిల్లలు చాలా శ్రద్ధగా చేశారు, జిగురూ సరిపడా రాశారు. మరి ఎందుకు విచ్చుకున్నాయి?

కార్తీకమాసంలో విజయనగరం వెళ్లినప్పుడు విరిగిన చుక్క ఒకటి పెట్టెలో పెట్టుకుని వెళ్లాను. గంటస్తంభం దగ్గర మా వీధిలోనే పుస్తకాల బైండింగ్ చేసే మావయ్య ఉన్నారు. వరసకే మావయ్య. నా చిన్నప్పుడు పైడితల్లమ్మ సిరిమాను పండక్కి మా వీధి పందిరి కింద వేలాడే చుక్కలన్నీ ఆయన చేసినవే. మూడు లాంతర్ల కూడలి వైపు వెళ్లే జనం ఆగి తలెత్తి చూసేవారు. ఇప్పుడు చూపు తగ్గింది, చేతులు మాత్రం తగ్గలేదు.

ఆయన నా చుక్కను ఒకసారి తిప్పి చూసి, అంటు ఊడదీసి, ఒక సగాన్ని బల్ల మీద బోర్లించారు. "ఏటే గుంటా, ఒక్క కాయితంలో సుక్క మూసుకుంటాదేటి? సూడు" అన్నారు. వంగి చూశాను. ఐదు ముక్కులూ బల్లకు ఆనుతున్నాయి. సందులు మాత్రం ఆనడం లేదు, బల్లకు ఒక సెంటీమీటరు పైన తేలుతున్నాయి. రెండో సగమూ అంతే. రెండూ కలిపితే సందుల దగ్గర దాదాపు రెండు సెంటీమీటర్ల ఖాళీ. ఆ ఖాళీని పిల్లలు వేళ్లతో నొక్కి జిగురుతో మూశారు. చార్టు తన ఆకారానికి తాను తిరిగి రావాలని లాగుతూనే ఉంటుంది. హాల్లో జనం పెరిగి వేడెక్కేసరికి అంటు వదిలేసింది. పైగా మేం దారాన్ని ముందు సగానికే కట్టాం. బరువంతా దాని మీద పడి అది ఇంకా త్వరగా ఊడొచ్చింది.

తప్పు జిగురుది కాదు, పిల్లల చేతులదీ కాదు. బల్లపరుపు కాగితానికి నడిబొడ్డు చుట్టూ ఉండేది 360 డిగ్రీలే. ముక్కులూ సందులూ అన్నీ ఒకే మట్టంలో ఆని, మధ్యభాగం గోపురంలా లేవాలంటే అంతకంటే ఎక్కువ కాగితం కావాలి. గోడకు అంటించే చుక్కకైతే ఒక్క కాగితం చాలు, వీపు ఎవరూ చూడరు. పైనుంచి వేలాడే లాంతరుకు మాత్రం చాలదు.

మావయ్య అటక మీది నుంచి ఒక పాత అట్టముక్క తీయించారు. త్రిభుజం. కొలిచి రాసుకున్నాను: ముక్కు నుంచి మధ్యకు గీత 27.4 సెంటీమీటర్లు, సందు నుంచి మధ్యకు 12.8, ముక్కు నుంచి సందుకు అంచు 19. ఆ పొడవాటి గీత వెంట రెండు త్రిభుజాలను కలిపితే గాలిపటం ఆకారంలో ఒక ముక్క వస్తుంది. చుక్క మధ్యకు వచ్చే కొసన దాని కోణం 76 డిగ్రీలు. అలాంటివి ఐదు పక్కపక్కన పరిస్తే 380 అవుతుంది, అంటే చివరిది మొదటిదాని మీదకు ఎక్కుతుంది. ఒక్క కాగితంలో కత్తిరించలేనిది అందుకే. విడిగా కత్తిరించి అంటిస్తే ఆ ఎక్కువ ఇరవై డిగ్రీలే గోపురాన్ని లేపుతాయి. మధ్యలో ఎనిమిది సెంటీమీటర్ల ఎత్తు వస్తుంది.

ఆ మధ్యాహ్నం ఆయన అరుగు మీద కూర్చుని ఒకటి చేశాం. ఒక్కో సగానికి ఐదు చొప్పున పది ముక్కలు. సందు గీత పక్కన ఒక వైపు వేలెడు వెడల్పున అంటు మడత వదలాలి. అంచుల అంటు మడతలు వెనక సగానికి మాత్రమే ఉండాలి. మడిచే ముందు ప్రతి గీతనూ రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్నుతో స్కేలు పెట్టి గట్టిగా గీయాలి. గీయకుండా మడిస్తే చార్టు పక్కకు పగులుతుంది. ప్రతి ముఖంలోనూ వేలెడు అంచు ఉంచి కిటికీ కోసి, లోపలి నుంచి గాలిపటాల కాగితం అంటించాం. సగం ఆరాక బల్ల మీద బోర్లించి మావయ్య చుట్టూ వేలితో తడిమారు, ఎక్కడైనా సందు లేచిందేమో అని. లేవలేదు. అప్పుడే రెండో సగం కలపనిచ్చారు.

దారం సంగతి కూడా ముందే చూసుకోవాలి. మూసే ముందు ఒక ముక్కు కొసన రెండు సగాల మధ్య నుంచి దారం లోపలికి దూర్చి, అగ్గిపుల్ల ముక్కకు ముడేస్తే బరువు రెండింటి మీదా పడుతుంది. దీపం కోసం కింది ముక్కుల్లో ఒకదాని ఒక అంచు అంటించకుండా వదిలేశాం. లోపల పెట్టేది బ్యాటరీతో వెలిగే చిన్న ఎల్‌ఈడీ తీగే. పాతరకం బల్బు వేడికి కాగితం మాడుతుంది, దాన్ని దగ్గరికి కూడా రానివ్వకూడదు.

కమిటీ మాటలోనూ న్యాయం ఉంది. పండగ రోజు ఉదయం నిచ్చెనలెక్కే వాళ్లు ఎప్పుడూ ఆ నలుగురే. రెడీమేడ్‌వి మడిచి పెట్టెలో దాచుకోవచ్చు, పడిపోవు. పిల్లల తలల మీద ఏదైనా పడుతుందేమోనన్న భయమూ నిజమే. అయితే కొట్లో దొరికే కాగితపు చుక్కలను ఒకసారి విప్పి చూడండి. వాటిలోనూ ముక్కు ముక్కునూ విడిగా చేసి అతికి ఉంటారు. మావయ్యకు తెలిసిందే వాళ్లకూ తెలుసు. మనకే ఆ రోజు తెలియలేదు. తెలియక చెడిపోయినదాన్ని చూసి పని మొత్తం మానేయడం నాకు సమ్మతం కాదు.

నేను అడిగేది ఇంతే. వచ్చే దీపావళికి ఇరవై నాలుగు వద్దు, పది చాలు. పండగకు ముందు రెండు శనివారాలు హాలు ఇవ్వండి: మొదటి వారం కోత, గీత, రెండో వారం అంటు. రెండో శనివారం చేసినవి వారం రోజులు మా ఇంట్లో దండెం మీద వేలాడతాయి. ఆ వారంలో ఏ ఒక్కటి విచ్చుకున్నా దాన్ని హాలుకు తీసుకురాను.

మావయ్య అట్టముక్క చూసి పది నకళ్లు కోసి ఉంచాను. ఒకటి ఆ పాపకు ఇప్పటికే ఇచ్చాను. నిన్న వాళ్లమ్మ ఫోన్ చేసి, ఇంట్లో చార్టు అయిపోయిందని చెప్పారు.