ఎనిమిది మాటల కొలబద్ద

"ఐదో తరగతి పాఠాలు కుదించాలి. వాక్యానికి 8 మాటలు దాటకుండా చూసుకుంటే చాలదా?" అని ఒకరు అడిగారు.

సత్యవతి: చాలుతుందండి మాస్టారూ. 40 పేజీల్లో ఏ వాక్యం బరువో కళ్ళతో పట్టలేం. రాసినవాళ్ళకి అన్నీ తేలిగ్గానే ఉంటాయి. లెక్కకి మొహమాటం ఉండదు.

మాస్టారు: బరువెక్కడుందో చూపిస్తుంది, ఒప్పుకుంటాను. ఎంత కొయ్యాలో మాత్రం చెప్పదండి. మన కాలువల సంగతే చూడండి: "ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టడంతో నది మట్టం పెరిగి, అంతకుముందు సముద్రంలోకి పోయే నీరు కాలువల్లోకి ఎక్కింది." 13 మాటలు, మీ లెక్క ఒప్పుకోదు. కోస్తే: "ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టారు. నది మట్టం పెరిగింది. నీరు కాలువల్లోకి ఎక్కింది." 10 మాటలు, 3 వాక్యాలు. లెక్కకి నచ్చింది. నీరెందుకు ఎక్కిందని అడిగితే పిల్లాడు "వరదొచ్చి" అన్నా, కాదనడానికి పాఠంలో ఏమీ మిగల్లేదు. "కట్టడంతో"లో "తో", "పెరిగి"లో చివరి "ఇ", ఆ రెండే కారణాన్ని మోస్తున్నాయి. కోతలో అవే పోయాయి.

సత్యవతి: మాటలొక్కటే చాలవంటే, చదవడం ఎంత తేలికో కొలిచే ఫ్లెష్ సూత్రం ఉందిగా? అది అక్షరాలు కూడా చూస్తుంది.

మాస్టారు: అది 1948లో ఇంగ్లీషుకి కట్టిన సూత్రం:

```
206.835 − 1.015 × (మాటలు ÷ వాక్యాలు) − 84.6 × (అక్షరాలు ÷ మాటలు)
```

మన వాక్యంలో 45 అక్షరాలు. వేసి చూడండి, మైనస్ 99 వస్తుంది. ఇంగ్లీషులో 30 లోపు వస్తేనే చాలా కష్టమంటారు. ముక్కలు చేసిన వాక్యాలకి కూడా మైనస్ 76 దాకా వస్తుంది. "కాలువల్లోకి" అన్న ఒక్క మాటకే 5 అక్షరాలు. విభక్తి మాటకే అతుక్కునే భాషకి ఆ కొలత పనికిరాదు.

సత్యవతి: అసలు మీరు "నది మట్టం" విడదీశారేం? కలిపి రాస్తే 12 మాటలే.

మాస్టారు: విడిగానే రాయాలి, పిల్లలు కూడబలుక్కుని చదువుతారు.

సత్యవతి: కలిపి రాసేవాళ్ళూ ఉన్నారండి!

మాస్టారు: అలాగే అనుకుందాం. ఒక్క ఖాళీతో మారిపోయే అంకె మీద పాఠం కొయ్యమంటారా? నేనైతే ఇలా రాస్తాను: "గోదావరి నీరు అంతకుముందు సముద్రంలోకి పోయేది. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టారు. దాంతో నది మట్టం పెరిగింది. మట్టం పెరిగింది కాబట్టి నీరు కాలువల్లోకి ఎక్కింది." ఏ వాక్యమూ 6 దాటలేదు. మొత్తం మాత్రం 13 నించి 19కి పెరిగింది. వాక్యం తగ్గించడం వేరు, పాఠం తగ్గించడం వేరండి. పేజీ తగ్గాలంటే విషయమే ఒకటి వదిలెయ్యాలి, కారణం చెప్పే మాట కాదు. అయ్యాక ఇద్దరు పిల్లలచేత చదివించి "ఎందుకు" అని అడగాలి.

సత్యవతి: కాలువ గట్టున పెరిగిన పిల్లాడు పాఠం చదవకుండానే చెబుతాడు కదండీ. మీరు పరీక్షించేది పాఠాన్నా, వాడి ఊరినా?

మాస్టారు: ...అది నిజమే. అయితే చదివించక ముందే ఒకసారి అడగాలి. అప్పుడే చెప్పేసినవాణ్ణి లెక్కలోంచి తీసెయ్యాలి.

సత్యవతి: తీసేస్తే మన తరగతిలో ఎవరు మిగులుతారండి?