జవాబు సరిపోయింది, లెక్క తప్పింది

ఇంటర్ మొదటి సంవత్సరం జవాబు పత్రాలు దిద్దుతున్నప్పుడు నాకు ఎదురైన ఒక లెక్క గురించి, కెమిస్ట్రీ ప్రశ్నలు తయారుచేసే తోటి అధ్యాపకులందరికీ చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను. ఒక గైడు నుంచి యథాతథంగా ఎత్తి పరీక్షలో ఇచ్చిన ప్రశ్న అది: "5 గ్రాముల గుల్లల పొడితో పూర్తిగా చర్య జరపడానికి 2 M హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఎంత కావాలి?" గుల్లలను కాల్చి సున్నం చేయడం, ఆ సున్నాన్ని రొయ్యల చెరువుల్లో చల్లడం మా కోనసీమ పిల్లలకు కొత్త కాదు కనుక సందర్భం బాగానే కుదిరింది. సమీకరణం కూడా తేలికైనదే.

CaCO3 + 2HCl → CaCl2 + H2O + CO2

ఒక అమ్మాయి 5ను 100తో భాగించి 0.05 మోల్ అని రాసి, ఆ వెంటనే "కాబట్టి 0.05 లీటర్లు, అంటే 50 మి.లీ." అని ముగించింది. గైడులోని జవాబు కూడా 50 మి.లీ. కనుక, జవాబు మాత్రమే చూసి దిద్దేవారెవరైనా పూర్తి మార్కులు వేసేస్తారు. కానీ ఒక మోల్ కాల్షియం కార్బొనేట్‌కు రెండు మోల్‌ల ఆమ్లం కావాలన్న సంగతి ఆ అమ్మాయి పట్టించుకోలేదు, గాఢతతో భాగించనూ లేదు. సమీకరణంలోని 2తో గుణించి, గాఢతలోని 2తో భాగిస్తే మళ్లీ 0.05 దగ్గరికే వస్తాము కనుక, ఆమె చేసిన రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. ఇందులో ఆ అమ్మాయిని అనడానికి ఏమీ లేదు, తప్పు ప్రశ్నది.

జవాబు చక్కగా రావాలని మనం సంఖ్యలను ఏరుకోవడం మంచిదే, ఎందుకంటే దశాంశాల భాగహారంలో పిల్లవాడు అలిసిపోతే మోల్ భావన వాడికి వచ్చో రాలేదో మనకు తెలియదు. అయితే సరైన దారిలో చక్కని జవాబు వచ్చేలా చూసుకున్నాక, తప్పు దారుల్లో ఏం వస్తుందో కూడా కాగితం మీద వేసి చూడాలి. 2 M బదులు 0.500 M ఇస్తే సరైన జవాబు 200 మి.లీ. వస్తుంది కానీ, నిష్పత్తి మరిచినవాడికీ, గాఢత మరిచినవాడికీ ఒకే 100 మి.లీ. వస్తుంది కనుక ఎవరు ఎక్కడ తప్పారో తెలియదు. అదే 0.800 M ఇస్తే సరైన జవాబు 125 మి.లీ. అవుతుంది. నిష్పత్తి మరిస్తే 62.5, గాఢత మరిస్తే 100, భాగించాల్సిన చోట గుణిస్తే 80, రెండూ మరిస్తే 50 వస్తాయి. ఏ జవాబు చూసినా ఏ మెట్టు దగ్గర జారారో దిద్దేవారికి ఇట్టే తెలిసిపోతుంది.

ఇక "5 గ్రాములు" అన్న రాత నన్ను బాధిస్తుంది. 5 అని రాస్తే ఒక్కటే సార్థక అంకె, దాని నుంచి 125 అనే మూడంకెల జవాబు అడగడం న్యాయం కాదు. ప్రయోగశాల త్రాసులో తూచినట్టుగా 5.00 గ్రాములు అని, గాఢతను 0.800 అని రాస్తే మూడేసి అంకెలు ఉంటాయి. పరమాణు ద్రవ్యరాశులను కూడా Ca 40.1, C 12.0, O 16.0 అని ప్రశ్నలోనే ఇస్తే మోలార్ ద్రవ్యరాశి 100.1 అవుతుంది, జవాబు మాత్రం మూడు అంకెలకు 125గానే నిలుస్తుంది. సమీకరణంలోని 2 కొలిచి తెచ్చినది కాదు, కచ్చితమైన సంఖ్య, అందువల్ల అది అంకెలను తగ్గించదని పిల్లలకు ఒక్క మాట చెబితే చాలు. గుల్లల్లో మట్టి, ఇతర పదార్థాలు ఉంటాయి కనుక "శుద్ధమైన కాల్షియం కార్బొనేట్‌గా భావించండి" అన్న వాక్యం కూడా తప్పక ఉండాలి.

ఇదే ప్రశ్నకు "విడుదలైన వాయువు ఘనపరిమాణం ఎంత?" అని రెండో భాగం తగిలించేవారు ఇంకొంచెం జాగ్రత్తపడాలి. పీడనం 1 అట్మాస్ఫియర్ అయితే 0 డిగ్రీల సెల్సియస్ దగ్గర మోల్‌కు 22.4 లీటర్లు, 1 బార్ అయితే 22.7 లీటర్లు. ప్రమాణ పీడనాన్ని ఐయుపిఎసి 1982లోనే 1 బార్‌కు మార్చినా, పాత 22.4 ఇంకా మన గైడుల్లో తిరుగుతూనే ఉంది. 0.0500 మోల్‌కు మొదటి విలువతో 1.12 లీటర్లు వస్తే, రెండోదానితో 1.135 వస్తుంది, అంటే సవరించేటప్పుడు 1.13 రాయాలా 1.14 రాయాలా అని పిల్లలు తగువుపడే అంచు మీదకు సంఖ్య చేరుతుంది. ఉత్త "ఎస్‌టిపి వద్ద" అని వదిలేయకుండా ఉష్ణోగ్రత, పీడనం, మోలార్ ఘనపరిమాణం మూడూ ప్రశ్నలోనే ఇస్తే ఆ తగువుకు తావుండదు.

మార్చిన ప్రశ్నను మర్నాడు ఆ అమ్మాయికే ఇచ్చాను. ఈసారి గాఢతతో భాగించింది, 62.5 మి.లీ. అని రాసింది. నేను జవాబు తప్పని మాత్రమే చెప్పాను. ఆమె కాసేపు సమీకరణం వైపు చూసి, "సార్, ఇక్కడి 2ను నేను వాడనేలేదు" అంది.