నడిసముద్రంలో ఆయిల్: ఈ ఫార్వర్డ్ ఇక చాలు

“యుద్ధనౌక సముద్రంలో ఆయిల్ నింపుకోవాలంటే మన భైరవపాలెం బోట్లలాగే ఇంజన్ ఆపి ట్యాంకర్‌కి కట్టేసుకోవాలి. ఆ టైంలో శత్రువు వస్తే అంతే. తిండి, మిస్సైళ్లు పోర్టులోనే దొరుకుతాయి. కాకినాడలో నేవీ ఓడలు కనపడట్లేదంటే ఆయిల్ అయిపోయిందని అర్థం. షేర్ చెయ్యండి.”

అమలాపురం బాబాయి పంపాడు, యానాం బావ పంపాడు, నిన్న మళ్లీ బాబాయే పంపాడు. ఆయ్, చదివానండీ.

ముందు ఆ ఇంజన్ సంగతి. బోట్లు పక్కన టైర్లు వేలాడేసుకుని ఆనుకుంటాయి, కెరటానికి గుద్దుకున్నా పోయేదేం లేదు. మన నేవీ ట్యాంకర్ ఐఎన్ఎస్ శక్తి నిండితే 27,500 టన్నులు. దాన్ని ఏ టైరు ఆపుతుంది? పైగా చుక్కాని పనిచెయ్యాలంటే దాని మీదుగా నీళ్లు పారుతుండాలి. ఆగిన ఓడ చుక్కాని మాట వినదు, గాలి ఎటు తోస్తే అటు పోతుంది. అందుకే రెండు నౌకలూ ఆగకుండా, పక్కపక్కన సుమారు 40, 50 మీటర్ల ఎడంతో, ఒకే దిక్కుకి 12 నుంచి 16 నాట్ల, అంటే గంటకు 22 నుంచి 30 కిలోమీటర్ల వేగంతో వెళ్తూనే పని కానిస్తాయి. ఒక నౌక నుంచి రెండోదానికి తుపాకీతో సన్నని తాడు విసురుతారు. దాని వెనకే లావు తాళ్లు, చివరికి ఉక్కు తీగ వెళ్తాయి. ఆ తీగకి వేలాడుతూ ఆయిల్ గొట్టం జారుతుంది. ఓడలు ఊగినా తీగ బిగువు తగ్గకుండా టెన్షనర్ అనే యంత్రం చూసుకుంటుంది. ఎడం ఎంతుందో తెలియడానికి రంగు జెండాలు కట్టిన తాడు ఇంకొకటి ఉంటుంది.

అసలు ప్రమాదం వేరే ఉంది. రెండు ఓడల మధ్య ఇరుకులో నీరు వేగం పుంజుకుంటుంది, అక్కడ ఒత్తిడి తగ్గి నడుములు దగ్గరికి లాక్కుంటాయి. ముక్కుల దగ్గరేమో ఎదురుగా తోసుకుంటాయి. అందుకే చుక్కాని పట్టినవాడు ఒక డిగ్రీ, అర డిగ్రీ చొప్పున సరిచేస్తూనే ఉండాలి. పంపింగ్ ఎంతసేపంటారా? శక్తి గంటకు 1,500 టన్నుల దాకా ఇవ్వగలదు. 300 టన్నులు కావాలంటే లెక్కకి 12 నిమిషాలు. తీసుకునే నౌక పైపులు అంత జోరు పట్టవు కాబట్టి నిజంలో ఎక్కువే పడుతుంది. తాళ్లు బిగించడానికి పట్టే టైం వేరు.

శత్రువు వస్తే అంటారా, పంపు ఆపి, గొట్టం వదిలేసి, తీగ విడిపించుకుని నిమిషాల్లో విడిపోయే పద్ధతిని ముందే సాధన చేసి ఉంటారు. ఆ కాసేపు దారి మార్చలేక ఇబ్బందే, కాదనను. కానీ చేతులు కట్టుకుని నిలబడటం మాత్రం కాదు.

తిండి? అదే తరహా తీగ మీద కప్పీలతో సంచులు జారతాయి, లేదంటే హెలికాప్టర్ వలలో మోస్తుంది. అయిపోయింది.

మిస్సైళ్ల విషయంలో మాత్రం, చెప్పడానికి నాకే బాధగా ఉంది, ఫార్వర్డ్ రాసినాయన చాలావరకు రైటే. ఫిరంగి గుండ్లలాంటివి సముద్రంలో మార్చుకోవచ్చు. డెక్కులో నిలువుగా దించిన గొట్టాల్లో పెట్టే మిస్సైలు అలా కాదు. అన్ని మీటర్ల పొడవున్న బరువైన డబ్బాని, ఊగే ఓడ మీద, దానికంటే కాస్తే పెద్దదైన రంధ్రంలోకి నిలువునా దించాలి. అందుకే రేవుకో, కదలని నీళ్లకో వెళ్తారు. అమెరికా నేవీ 2024 అక్టోబరులో శాన్ డియాగో దగ్గర చోసిన్ అనే క్రూయిజర్ మీద నడిసముద్రంలోనే దించి చూపింది. అదీ ఖాళీ డబ్బా.

ఇక కాకినాడ. తూర్పు నౌకాదళం ఉండేది విశాఖలో బాబాయ్. శక్తి కూడా అక్కడే.