బాబాయి మెయిల్‌లో రెండు వారాలు తెరవకుండా ఉండిపోయిన పాలసీ

గాజువాకలో ఉండే మా బాబాయి స్టీల్ ప్లాంటులో పదవీ విరమణ చేసి ఏడాది అయింది. గత నెల 21న పిన్ని ఫోన్ చేసి, "మీ బాబాయి ఫోన్‌లో ఏదో డిపాజిట్ వేశారట. కాగితం ఏదీ రాలేదు. ఒకసారి వచ్చి చూడమ్మా" అంది. ఆ సాయంత్రం వెళ్లి ఆయన మెయిల్ తెరిచాను. అది డిపాజిట్ కాదు, జీవిత బీమా. పాలసీ పత్రం 7వ తేదీనే వచ్చి ఉంది. ఆయన తెరవలేదు. తపాలాలో బాండు వస్తుందని ఎదురు చూస్తున్నారు.

ఆరో పేజీలో ఒక పట్టిక ఉంది. ఎడమవైపు సంవత్సరం, పక్కన ఆ సంవత్సరం కట్టాల్సిన ప్రీమియం. బాబాయి కళ్లద్దాలు సరిచేసుకుని, తెర మీద వేలు పెట్టి ఒక్కో వరుసా లెక్కపెట్టారు. ప్రతి వరుసలోనూ 1,00,000. పది వరుసలు. పదో వరుస దగ్గర వేలు ఆగిపోయింది. "ఒక్కసారి కడితే చాలన్నాడమ్మా" అన్నారు. ఆ తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

జరిగింది ఇదీ. ఎవరో ఫోన్ చేసి బ్యాంకు డిపాజిట్ కన్నా మంచి పథకం ఉందని చెప్పి, లింకు పంపించారు. ఆయన వివరాలు నింపారు, ఓటీపీ చెప్పారు, 2వ తేదీన లక్ష కట్టారు. ఇంటికి వచ్చి రక్తపరీక్షకు నమూనా కూడా తీసుకెళ్లారు. తర్వాత కంపెనీ నుంచి ధ్రువీకరణ కాల్ వస్తుందని, అడిగిన ప్రతిదానికీ 'అవును' అంటే చాలని ఆ మనిషే నేర్పాడు. బాబాయి అలాగే అన్నారు. ఆ కాల్ రికార్డు అవుతుంది. 'పదేళ్లు కట్టాలని మీకు తెలుసా' అన్న ప్రశ్నకు కూడా 'అవును' అన్న ఆయన గొంతు అందులో ఉంటుంది. రేపు 'నన్ను మోసం చేసి అమ్మారు' అని ఫిర్యాదు చేస్తే కంపెనీ ముందుగా బయటికి తీసేది ఆ రికార్డునే.

కొత్త పాలసీని చదివి చూసి, వద్దనుకుంటే వెనక్కి ఇచ్చేయడానికి ఉండే గడువే ఫ్రీ లుక్ వ్యవధి. దాని విలువ ఇక్కడే తెలుస్తుంది. ఈ వ్యవధిలో రద్దు కోరడానికి మోసం జరిగిందని నిరూపించాల్సిన పని లేదు. షరతులు నచ్చలేదని రాస్తే చాలు. 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనల ప్రకారం, పాలసీ పత్రం చేతికి అందిన రోజు నుంచి 30 రోజుల గడువు ఉంటుంది. అంతకుముందు మామూలుగా 15 రోజులే ఇచ్చేవారు, ఎలక్ట్రానిక్ పాలసీలకూ ఫోన్‌లోనో ఆన్‌లైన్‌లోనో అమ్మినవాటికీ 30 రోజులు ఉండేది. ఇప్పుడు ఎలా కొన్నా ముప్పయ్యే. జీవిత బీమాకు, వ్యక్తిగత ఆరోగ్య బీమాకు ఇది వర్తిస్తుంది. ఏడాది కన్నా తక్కువ కాలానికి తీసుకున్న పాలసీలకు వర్తించదు. ఆరోగ్య బీమాను రెన్యూవల్ చేసుకున్నప్పుడు కూడా వర్తించదు, కొత్తగా తీసుకున్నప్పుడు మాత్రమే. ఈలోగా క్లెయిమ్ చేసి ఉంటే హక్కు పోతుంది.

'చేతికి అందిన రోజు' అన్న మాట దగ్గరే చాలామంది నష్టపోతున్నారు. డబ్బు కట్టిన తేదీ వేరు, పాలసీ మొదలైన తేదీ వేరు, పత్రం అందిన తేదీ వేరు. బాబాయికి అవి వరుసగా 2, 4, 7. లెక్క మొదలయ్యేది 7 నుంచి. అయితే మీరు మెయిల్ తెరిచిన రోజు నుంచి అనుకోవద్దు. మెయిల్ పంపినట్టు, చేరినట్టు కంపెనీ దగ్గర ఆధారం ఉంటుంది. మీరు చూడలేదన్నది మీ మాట మాత్రమే. స్పామ్‌లో పడినా, పిల్లల మెయిల్ ఐడీ ఇచ్చి ఉన్నా వాదన అక్కడికే వస్తుంది. అందుకే మెయిల్ మీద ఉన్న తేదీనే ఆధారంగా తీసుకుని లెక్కపెట్టాలి. బాబాయికి ఉన్న 30 రోజుల్లో అప్పటికే 14 అయిపోయాయి.

నాకు కోపం వచ్చేది ఈ విషయంలోనే. పాలసీతో పాటు వచ్చే లేఖలో ఫ్రీ లుక్ గురించి రాస్తున్నారు, కాదనను. కానీ పెద్ద పేరాలో, చిన్న అక్షరాల్లో, 'అందిన తేదీ నుంచి 30 రోజులు' అని రాస్తారు. ఆ తేదీ ఏమిటో, చివరి రోజు ఏదో రాయరు. కరెంటు బిల్లు మీద గడువు తేదీ పెద్దగా ఉంటుంది. లక్ష రూపాయల పాలసీ మొదటి పేజీ మీద 'ఫలానా తేదీలోగా వద్దంటే డబ్బు వెనక్కి ఇస్తాం' అని ఒక్క వాక్యం వేయలేరా? ప్రీమియం కట్టడానికి లింకు పంపగలిగినవారు రద్దు చేసుకోవడానికి కూడా అలాంటి లింకే పంపగలరు. నియంత్రణ సంస్థ ఈ రెండూ తప్పనిసరి చేయాలి.

సరే, మేము చేసింది చెబుతాను.

మొదట బాబాయి కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశారు. అవతలి అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. నమోదు చేసుకున్నామని చెప్పింది. ఫిర్యాదు సంఖ్య అడిగితే, సంబంధిత విభాగం వారు మీకే ఫోన్ చేస్తారంది. మర్నాడు నిజంగానే ఫోన్ వచ్చింది, వేరే మనిషి. "సార్, ఇప్పుడు రద్దు చేస్తే కోత పడుతుంది. వచ్చే నెల 10 దాకా ఆగండి, మీకు బోనస్‌తో కలిపి ఇప్పిస్తాను" అన్నాడు. వచ్చే నెల 10 అంటే 30 రోజులు దాటిపోయిన తర్వాత. ఆ మాట నమ్మి ఆగి ఉంటే అంతే సంగతులు. గడువు దాటాక మిగిలేది సరెండర్ ఒక్కటే, అంటే పాలసీని మధ్యలో వదులుకుని వచ్చినంత తీసుకోవడం. బాబాయి తీసుకున్నలాంటి పొదుపు పాలసీని మొదటి ఏడాది పూర్తికాకుండా వదిలేస్తే చేతికి ఏమీ రాదు. పూర్తయ్యాక అడిగినా కట్టినదానికన్నా తక్కువే వస్తుంది. 'కొన్నాళ్లు ఆగండి' అని ఎవరైనా అంటే, వాళ్లు చెప్పిన తేదీని మీ 30వ రోజు పక్కన పెట్టి చూడండి.

ఫోన్ కాల్‌ను రద్దు విజ్ఞప్తిగా లెక్కలోకి తీసుకోవద్దు. రాతపూర్వకంగా వెళ్లాలి. పాలసీలో నమోదైన మెయిల్ ఐడీ నుంచే వెళ్లాలి. నేను నా మెయిల్ నుంచి పంపుదామనుకున్నాను, మంచిదే అయింది ఆగాను. పాలసీదారు ఐడీ నుంచి రాని విజ్ఞప్తిని సులువుగా పక్కన పెట్టేస్తారు. 23వ తేదీన బాబాయి ఫోన్ నుంచే పంపించాం. సబ్జెక్టులో పాలసీ నంబరు వేసి 'ఫ్రీ లుక్ రద్దు' అని రాశాం. లోపల రాసింది నాలుగే వాక్యాలు: "ఈ పాలసీ పత్రం నాకు 7వ తేదీన మెయిల్ ద్వారా అందింది. పదేళ్లు ప్రీమియం కట్టాలన్న షరతు నాకు సమ్మతం కాదు. ఫ్రీ లుక్ వ్యవధిలో పాలసీని రద్దు చేసి ప్రీమియం వాపసు ఇవ్వగలరు. ఎలాంటి క్లెయిమ్ చేయలేదు." మోసం, నమ్మకద్రోహం వంటి మాటలేవీ రాయలేదు. రాస్తే అది ఫిర్యాదు విభాగానికి వెళ్లి విచారణ పేరుతో రోజులు గడుస్తాయని నా భయం. అమ్మిన తీరు మీద ఫిర్యాదు విడిగా పెట్టాం. రద్దు మెయిల్‌కు సంతకం చేసిన రద్దు ఫారం, క్యాన్సిల్ చేసిన చెక్కు, పాన్ కార్డు నకలు జతచేశాం. కాగితం బాండు వచ్చి ఉంటే అసలు ప్రతిని కూడా అప్పగించాలి.

అక్కడితో ఆగకుండా మర్నాడు ద్వారకానగర్‌లో ఉన్న వాళ్ల శాఖకు వెళ్లి అదే లేఖ ఇచ్చాం. కౌంటర్‌లో ఉన్నతను, "ఆన్‌లైన్ పాలసీలు మా దగ్గర కాదు సార్" అన్నాడు. తీసుకోనని రాసి ఇవ్వమన్నాను. లోపలికి వెళ్లి వచ్చి తీసుకున్నాడు. రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకున్నాం. ఆ ముద్ర ఉన్న కాగితాన్ని పిన్ని బీరువాలో దాచింది.

ఇప్పుడు డబ్బు సంగతి. 'పూర్తి వాపసు' అని అందరూ అంటారు గానీ, పైసా తగ్గకుండా రాదు. మూడింటిని మినహాయించుకోవచ్చు: బీమా రక్షణ ఉన్న రోజులకు రిస్క్ ప్రీమియం, వైద్య పరీక్షల ఖర్చు, స్టాంపు డ్యూటీ. బాబాయి బీమా మొత్తం 10 లక్షలు. స్టాంపు డ్యూటీ వెయ్యికి 20 పైసల చొప్పున 200 రూపాయలు. రక్తపరీక్షకు 850. 4 నుంచి 23 వరకు 19 రోజుల రిస్క్‌కు 600. మొత్తం 1,650 పోను 98,350 రావాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియంపై జీఎస్టీ లేదు కాబట్టి ఆ లెక్క ఇందులో రాలేదు. ఏజెంటు కమిషన్ అనో, నిర్వహణ ఖర్చు అనో వేరే కోత కనిపిస్తే ఒప్పుకోకండి, వివరం రాతపూర్వకంగా అడగండి. ప్రీమియంలో కొంత మార్కెట్‌లో పెట్టే యూలిప్ పాలసీ అయితే మాత్రం కథ వేరు. అందులో యూనిట్ల విలువ ఆ రోజు ఎంత ఉంటే అంతే లెక్కకు వస్తుంది. మార్కెట్ పడి ఉంటే ఆ నష్టం మనదే, పెరిగి ఉంటే లాభమూ మనదే.

విజ్ఞప్తి అందిన 7 రోజుల్లో డబ్బు వెనక్కి ఇవ్వాలన్నది నిబంధన. 30వ తేదీ వచ్చింది, డబ్బు రాలేదు. 'ప్రక్రియలో ఉంది' అని సందేశం వచ్చింది. ఆ రోజే కంపెనీ ఫిర్యాదుల అధికారికి మెయిల్ పెట్టాం: 7 రోజులు పూర్తయ్యాయి, ఆలస్యానికి బ్యాంకు రేటుపై 2 శాతం కలిపి వడ్డీ ఇవ్వాలి అని. మరో నాలుగు రోజులకు 98,350 ఖాతాలో పడింది. వడ్డీ పడలేదు. నూరు రూపాయలు కూడా దాటని మొత్తమే, అయినా మళ్లీ రాశాం. హక్కుగా రావాల్సినది అడగడానికి మొహమాటం దేనికి?

కంపెనీ అసలు కదలకపోతే bimabharosa.irdai.gov.in లో ఫిర్యాదు పెట్టవచ్చు, లేదా 155255కు ఫోన్ చేయవచ్చు. కంపెనీకి రాసి నెల గడిచినా న్యాయం జరగకపోతే బీమా ఫిర్యాదులు పరిష్కరించే అధికారి అయిన బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. మన రాష్ట్రానికి ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. అక్కడ చూపించాల్సింది ఆ ముద్ర వేసిన కాగితం, ఆ మెయిల్ తేదీ.

ఆరోగ్య బీమాను ఇలా రద్దు చేసుకోవాలనుకునేవారికి ఒక్క మాట. వేరే కంపెనీ పాలసీ చేతికి వచ్చాకే పాతది వద్దనండి. మధ్యలో ఎవరికైనా జబ్బు చేస్తే రెండూ ఉండవు.

ఇంకొకటి మేము దాదాపు మరిచిపోయాం. లింకు ద్వారా కట్టినప్పుడు వచ్చే ఏటి ప్రీమియం దానంతట అదే కట్ అయ్యేలా ఆటోపే అనుమతి కూడా బాబాయితో ఇప్పించారు. పాలసీ రద్దయినా, డబ్బు వెనక్కి వచ్చినా ఆ అనుమతి బ్యాంకు యాప్‌లో అలాగే ఉంది. నిన్న ఆదివారం వెళ్లినప్పుడు చూశాను. బాబాయి చేతే దాన్ని రద్దు చేయించాను. తర్వాత ఆయన ఆ జాబితాను పై నుంచి కింది దాకా మరోసారి చదివి, ఇంకేమైనా ఉందా అని అడిగారు.